47వ లాటు, 74వ లాటు
(గుంటూరులో కథా రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

గుమస్తా కథలు మనకు కొత్తకాదు. యజమాని తప్పుడు లెక్క రాయమంటాడు, గుమస్తా రాయనంటాడు, ఉద్యోగం పోతుంది. ఇలాంటి కథలు పోటీలకు ఏటా వస్తూనే ఉంటాయి. వాటిని చదివేటప్పుడు లెక్కలు తెలిసిన పాఠకుడు ఒకచోట ఆగిపోతాడు. "లెడ్జర్‌లో అంకె మార్చు" అని మేనేజరు అంటాడు. ఏ లెడ్జరు? ఏ అంకె? ఎంత నుంచి ఎంతకు? అది కథలో ఉండదు. అది లేనప్పుడు గుమస్తా దేన్ని కాదంటున్నాడో మనకు తెలియదు, అతని "కాదు"కు బరువూ రాదు.

అందుకని ఇవాళ ఒక కథను మీ ముందే కట్టుకుంటూ పోదాం. మన ఊళ్లోనే పెడదాం, మిర్చి కోల్డ్ స్టోరేజీలో. గుమస్తా పేరు వెంకటేశ్వర్లు అనుకుందాం. మేనేజరుకు పేరు అక్కర్లేదు, ఆఫీసులో ఆయన్ని పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి. స్టోరేజీ నల్లపాడు వైపు ఎక్కడో ఉంది. కల్పితమే.

ముందు సరుకు ఎలా నడుస్తుందో చూద్దాం. మీలో చాలామందికి తెలిసిందే, కానీ కథ అంతా దీనిమీదే నిలబడుతుంది. యార్డుకు కాయ ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి. ధర నచ్చనివాళ్లు, ఆగగలిగినవాళ్లు కోల్డ్ స్టోరేజీలో పెడతారు. బయట ఉంచితే వేసవికి కాయ రంగు దిగుతుంది, పురుగు పడుతుంది. చల్లగా ఉంచితే రంగు నిలుస్తుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వచ్చినప్పుడు కాటా వేస్తారు, లాటు నంబరు ఇస్తారు, ప్రతి టిక్కీమీదా ఆ నంబరు రంగుతో వేస్తారు, ఫలానా చాంబర్‌లో ఫలానా అంతస్తులో పెడతారు. సరుకు పెట్టినాయనకు బాండు రాసిస్తారు. డెలివరీ తీసుకునేటప్పుడు ఆ బాండు తేవాలి, ఎన్ని తీసుకెళ్లాడో దాని వెనకాల రాయాలి.

ఇక్కడే బ్యాంకు వస్తుంది. సరుకు మీద అప్పు తీసుకుంటే ఆ బాండు బ్యాంకులో ఉంటుంది. అప్పటినుంచి సరుకు స్టోరేజీలో ఉన్నా, బ్యాంకు లెటరు లేకుండా ఒక్క టిక్కీ కూడా గేటు దాటకూడదు. లాటు పేజీ పైన ఎర్ర సిరాతో బ్యాంకు పేరు, "లెటరు లేనిదే డెలివరీ లేదు" అని రాసిపెడతారు.

ఇప్పుడు మన కథలోని పేజీ చూడండి. 47వ లాటు, తేజ రకం, ఒక వ్యాపారిది. మార్చి 18న 820 టిక్కీలు లోపలికి. అప్పు ఉంది, ఎర్ర సిరా ఉంది. జులై 8న బ్యాంకు లెటరుతో 170 బయటికి, నిల్వ 650. ఆగస్టు 23, శనివారం పొద్దుపోయాక 270 బయటికి, నిల్వ 380. ఈ చివరి వరసలో బ్యాంకు లెటరు నంబరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

ఆ 270ని పంపించింది మేనేజరే. వ్యాపారి ఫోన్ చేశాడు. పార్టీ దొరికింది, ధర బావుంది, సోమవారం బ్యాంకులో డబ్బు కట్టేస్తాను, లెటరు తర్వాత తెస్తాను అన్నాడు. ఏళ్ల తరబడి వస్తున్న ఖాతాదారు. మేనేజరు నోటిమాట మీద లారీ లోడ్ చేయించాడు. టిక్కీకి సగటున 42 కిలోలు వేసుకుంటే పదకొండు టన్నుల పైచిలుకు సరుకు. క్వింటా 15,000 అనుకుంటే 17 లక్షల రూపాయల మాట. సోమవారం వచ్చింది, వ్యాపారి డబ్బు కట్టలేదు. మంగళవారం పొద్దున బ్యాంకు వాళ్లు స్టాకు చూడ్డానికి వస్తున్నారని సాయంత్రానికి కబురు వచ్చింది.

కాబట్టి మేనేజరు దొంగ కాదు. ఇది గుర్తుపెట్టుకోండి. అతను ఒక మొహమాటం చేశాడు, ఇప్పుడు దాన్ని కప్పాలి. ఇలాంటి తప్పులు చాలావరకు ఇట్లాగే మొదలవుతాయి. రచయిత అతనికి మీసం తిప్పే విలన్ వేషం వేస్తే కథ అక్కడే పలచబడిపోతుంది.

సరే, సోమవారం సాయంత్రం. మేనేజరు గుమస్తాను గదిలోకి పిలిచాడు. ఏమని అడుగుతాడు? మీరు రాస్తే "నిల్వ 650 అని మార్చు" అని రాస్తారు. నిజంగా ఆ పని తెలిసిన మేనేజరు అలా అడగడు. ఎందుకో చూద్దాం.

380ని 650 చేయడమంటే ఒక గడి దిద్దడం కాదు. 820లోంచి 170 పోతే 650. దాని కింద 270 వరస ఉన్నంతకాలం నిల్వ 380 అవ్వాల్సిందే. అంటే వరసంతా మాయం కావాలి. పేజీ చింపుదామంటే లెడ్జరు కుట్టు బైండింగు, పేజీ నంబర్లు అచ్చులో ఉంటాయి. కుట్టు పుస్తకంలో ఒక కాగితం లాగితే, కుట్టుకు అవతలివైపున దానికి జతగా ఉన్న కాగితం కూడా వదులవుతుంది. ఆడిటర్లు పాత పుస్తకం చేతికి రాగానే నడుం దగ్గర వేలుపెట్టి తడమడం మీరు చూసే ఉంటారు. వాళ్లు వెతికేది దీన్నే.

వరస తీసేశామనే అనుకుందాం. అప్పుడు రోజువారీ స్టాకు రిజిస్టరు అడ్డం వస్తుంది. అందులో అన్ని లాట్లూ కలిపిన మొత్తం నిల్వ ఉంటుంది. 23వ తేదీ రాత్రికి 61,240 అని ఉంది. 24 ఆదివారం. 25న వేరే లాట్లలోంచి 410 వెళ్లాయి, కాబట్టి 60,830. ఒక్క 270ని వెనక్కి తెస్తే రెండు రోజుల మొత్తాలూ మారాలి. వారం గడిచాక ఈ పని చేయాలంటే వారం రోజుల మొత్తాలు దిద్దాలి. అందుకే తప్పుడు లెక్క అడిగేవాళ్లకు అంత తొందర. రోజు గడిచేకొద్దీ దిద్దాల్సిన పేజీలు పెరుగుతాయి. కథలో మేనేజరు "ఇవాళే కావాలి" అనడానికి ఇది అసలు కారణం, బ్యాంకు వాళ్లు రావడం ఒక్కటే కాదు.

అందుకని మన మేనేజరు తెలివిగా అడుగుతాడు. సంభాషణ ఇలా నడుస్తుంది.

"వెంకటేశ్వర్లూ, శనివారం డెలివరీ 47లో ఎక్కించావు కదా. అది 74 అయ్యుంటుంది చూడు."

"కాదండీ. 47దే. మీరే లోడ్ చేయించారు."

"అంకెలు తారుమారు పడటం ఎవరికైనా జరుగుతుందయ్యా. 47 పేజీలో ఆ వరస కొట్టేసి, పొరపాటున ఎక్కింది, 74కు మార్చడమైనది అని రాయి. నీ పొడి సంతకం పెట్టు, నా సంతకం నేను పెడతాను. 74లో 270 ఖర్చు రాయి. అంతే."

ఇది ఎంత నేర్పుగా అడిగాడో చూడండి. 74వ లాటు ప్రత్తిపాడు వైపు రైతుది, 310 టిక్కీలు, అప్పు లేదు, కాబట్టి బ్యాంకు లెటరు అక్కర్లేదు. 270ని 47 నుంచి 74కు మార్చితే స్టోరేజీ మొత్తం నిల్వ మారదు. 61,240 అలాగే ఉంటుంది, 60,830 అలాగే ఉంటుంది. వచ్చిన డబ్బు మొత్తమూ మారదు. ఒక పేజీలోంచి తీసి ఇంకో పేజీలో పెట్టడమే. పైగా పేజీ చింపలేదు, గీకలేదు, తెల్ల రంగు పూయలేదు. నిజమైన పొరపాటు ఎలా సరిచేయాలో అచ్చం అలాగే సరిచేయమంటున్నాడు.

నిజమైన పొరపాటును సరిచేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. తప్పు అంకె చదవడానికి వీలుగా ఉండేటట్టు దానిమీద ఒకటే గీత గీయాలి. సరైనది పైన రాయాలి. ఎందుకు మార్చామో, ఏ కాగితం ఆధారంగా మార్చామో రాయాలి. తేదీ వేసి పొడి సంతకం పెట్టాలి. తేదీ దిద్దిన రోజుది వేయాలి, పద్దు రాసిన రోజుది కాదు. పాత అంకె కనిపిస్తూ ఉండటం అందులో ముఖ్యం. మేనేజరు అడిగినదాంట్లో ఇవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. "ఏ కాగితం ఆధారంగా" అన్నదానికి జవాబు లేదు. వెంకటేశ్వర్లు పట్టుకోవాల్సింది అక్కడ. అతను నీతి వాక్యాలు చెప్పక్కర్లేదు.

"ఏ గేట్‌పాస్ చూసి దిద్దానని రాయమంటారు సార్?"

నా దృష్టిలో కథంతటికీ కీలకమైన వాక్యం ఇదే. అతను కాదనలేదు. పనివాడు అడిగే మామూలు ప్రశ్న అడిగాడు. దానికి మేనేజరు దగ్గర సమాధానం లేదు.

ఎందుకు లేదో చెబుతాను. ఒక లారీ గేటు దాటిందంటే ఆఫీసు బల్లమీద ఉండే లెడ్జరులోనే కాదు, ఇంకా చాలాచోట్ల గుర్తులు పడతాయి. గేట్‌పాస్ మూడు ప్రతులు. ఒకటి డ్రైవరుతో పోయింది, ఒకటి వాచ్‌మన్ దగ్గర తీగకు గుచ్చి ఉంది, ఒకటి పుస్తకంలోనే ఉంది. మూడింటిమీదా కార్బన్‌తో 47 అనే పడింది. పుస్తకంలో ఉన్నదాన్ని దిద్దగలరు, డ్రైవరు జేబులోది దిద్దలేరు. వేబ్రిడ్జి చీటీ ఉంది. దానిమీద లాటు నంబరు ఉండదు, లారీ నంబరు, టైము, బరువు ఉంటాయి. వాటిని ఆ వ్యాపారి అమ్మిన బిల్లుతో పక్కపక్కన పెడితే చాలు.

నాకు బాగా ఇష్టమైన కాగితం ఇంకొకటి ఉంది, కథల్లో ఎప్పుడూ కనిపించనిది. ముఠా మేస్త్రి చిన్న నోటు పుస్తకం. హమాలీలకు కూలి టిక్కీ లెక్కన. కథకోసం టిక్కీకి 9 రూపాయలు అనుకుందాం, 270కి 2,430. మేస్త్రి తన పుస్తకంలో "శనివారం, రెండో చాంబరు, మూడో అంతస్తు, 270" అని రాసుకుంటాడు. తన మనుషులకు కూలి పంచాలి కదా. అతనికి లాటుతో పనిలేదు, ఎన్ని మెట్లు దిగారన్నదాంతోనే పని. 47వ లాటు రెండో చాంబరు మూడో అంతస్తులో ఉంది. 74వ లాటు నాలుగో చాంబరు కింది అంతస్తులో ఉంది. మేనేజరు లెడ్జరు మార్చగలడు, వోచరు మార్చగలడు. మేస్త్రి పుస్తకం ఆఫీసుది కాదు, అతని లాల్చీ జేబులో ఉంటుంది. స్టోరేజీలో అంతస్తు ఏదో చెప్పే కాగితాల్లో యాజమాన్యం చేయి పడనిది అదొక్కటే.

అంతకన్నా పెద్ద చిక్కు, సరుకే. బ్యాంకు ఆయన పుస్తకం ఒక్కటే చూసి వెళ్లడు, చాంబర్‌లోకి వెళ్లి లెక్కపెడతాడు. 47 అని రంగు వేసిన టిక్కీలు అక్కడ 380 మాత్రమే ఉన్నాయి. కాబట్టి రాత్రికి రాత్రి నాలుగో చాంబర్‌లోంచి రైతు టిక్కీలు 270 మోయించి మూడో అంతస్తుకు ఎక్కించాలి. వాటిమీద 74 అని ఉంటుంది, నంబరు మీద రంగు పూసి మళ్లీ రాయాలి. పైగా రైతుది తేజ కాదు, 334. మిర్చి తెలిసినవాడు టిక్కీలోంచి నాలుగు కాయలు తీస్తే చాలు, తేజ సన్నగా పొట్టిగా ఉంటుంది, 334 దానికన్నా పొడుగు. పద్దులో ఒక గీత అనుకున్నది కాస్తా కూలీలు, రంగు డబ్బా, రాత్రి కరెంటు అన్నీ కలిసిన పెద్ద పని అయిపోయింది. మేనేజరు ఇవన్నీ ఆలోచించాడా? లేదు. లెక్క దిద్దమని అడిగేవాళ్లు పుస్తకం మాత్రమే ఆలోచిస్తారు. దిద్దాల్సినవాడికే మిగతావి కనిపిస్తాయి, ఎందుకంటే రోజూ వాటినన్నింటినీ కలిపి సరిచూసేది అతనే.

ఇక కంప్యూటరు. "ఇప్పుడు అంతా ట్యాలీలో కదా, లెడ్జరు కథ పాతబడలేదా" అని అడుగుతారు. పాతబడలేదు, ఇంకా చిక్కబడింది. మన కథలో స్టాకు పుస్తకంలో, డబ్బు ట్యాలీలో. డెలివరీ రోజున అద్దె వసూలు చేస్తారు. టిక్కీకి 200 అనుకుంటే 54,000 రూపాయల రసీదు వ్యాపారి పేరుమీద ఉంది. దాన్ని రైతు పేరుకు మార్చాలి. ఇక్కడ రచయిత ఒక సంగతి ముందే తేల్చుకోవాలి. ఈ స్టోరేజీ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీయా, భాగస్వామ్య సంస్థా? కంపెనీ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి, వాళ్లు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ నమోదయ్యే ఏర్పాటు తప్పనిసరి, దాన్ని ఆపడానికి వీలుండకూడదు. కంపెనీల చట్టం కింది లెక్కల నిబంధనల్లో పెట్టిన మాట ఇది. అంటే రసీదులో పార్టీ పేరు మార్చితే పాత పేరు, కొత్త పేరు, ఏ లాగిన్‌తో మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నీ ఉండిపోతాయి. భాగస్వామ్య సంస్థకు ఆ నిబంధన లేదు, ఆ ఏర్పాటు లేకుండానే నడపొచ్చు. కథలో ఉత్కంఠ కావాలంటే భాగస్వామ్య సంస్థ పెట్టుకోండి. అప్పుడు సాక్ష్యంగా మిగిలేది కాగితాలు, మనుషులే.

అక్కడా ఒక కిటుకు ఉంది. మార్చడమెందుకు, రసీదు డిలీట్ చేసి కొత్తది వేస్తే పోలేదా అనిపిస్తుంది. వోచరు నంబర్లు వాటంతటవే పడేలా సెట్టింగ్ ఉండి, తీసేస్తే మళ్లీ వరసగా సర్దుకునేలా ఉంటే, 214ను తీసేయగానే 215 వెళ్లి 214 అవుతుంది, 216 వెళ్లి 215 అవుతుంది. సోమవారం అద్దె కట్టినవాళ్ల చేతుల్లో అచ్చు రసీదులు ఉన్నాయి. వాటిమీది నంబరుకు, కంప్యూటరులో నంబరుకు ఒకటి తేడా. సంబంధం లేని పదిమంది రైతుల రసీదులు ఒక్క దెబ్బకు తప్పుడువి అయిపోతాయి. ఆడిటరు ఒక్క కాగితం రసీదు తీసి పోల్చినా తీగ దొరుకుతుంది. ఇలాంటి వివరం కథలో ఒకటి చాలు. నేను చెప్పినవన్నీ కుక్కకండి, కథ కాస్తా ఆడిట్ రిపోర్టు అయిపోతుంది.

మళ్లీ గదిలోకి వద్దాం. గేట్‌పాస్ ప్రశ్నకు మేనేజరు ఏమంటాడు?

"మూడు రోజులయ్యా. గురువారానికి అతను డబ్బు కడతాడు, లెటరు వస్తుంది, మళ్లీ యథాస్థానంలో రాసేద్దాం. ఎవరికి నష్టం?"

"74 రైతు రేపు బాండు పట్టుకొస్తే ఏం చెయ్యమంటారు? ఆయన బాండులో 310 ఉంది. మన పేజీలో 40 ఉంటుంది."

"ఆయన దసరా దాకా రాడు."

"వస్తే?"

మేనేజరు దగ్గర ఇంకో వాదం ఉంది, నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది అది. "బాండు బ్యాంకులో ఉంది. దాని వెనకాల 170 ఒక్కటే రాసి ఉంది. బ్యాంకు లెక్క ప్రకారం 650. మన పుస్తకం వాళ్ల కాగితంతో కలవాలా వద్దా?" వినడానికి సబబుగానే ఉంది. రెండు లెక్కలు కలవాలన్నది గుమస్తాకు మొదటిరోజు నేర్పే పాఠం. అదే పాఠంతో అతన్ని కొడుతున్నాడు. వెంకటేశ్వర్లు ఇక్కడ ఒక్క క్షణం తడబడాలి, కథకు ఆ తడబాటు మంచిది. తర్వాత తట్టుకుంటాడు. కలవాల్సింది సరుకుతో. రెండు కాగితాలు ఒకదానితో ఒకటి కలిసి, చాంబర్‌లో సరుకు వేరేగా ఉంటే, ఆ కలవడం ఎందుకూ పనికిరాదు. తేడా ఉన్నప్పుడు తేడాను తేడాగానే చూపించాలి.

అందుకని అతను చివరికి చెప్పేది ఇది.

"పాత పద్దు దిద్దనండి. మీరు చెబితే ఇవాళ తేదీతో ఒక వివరం రాస్తాను. 23న 47వ లాటులో 270, బ్యాంకు లెటరు రాకముందు, మేనేజరు గారి మౌఖిక ఆదేశం మీద డెలివరీ అని. మీరు సంతకం పెట్టండి. రేపు ఆయన వచ్చేముందే మనమే ఫోన్ చేసి చెబుదాం."

తను చేయనిదేదో చెప్పాడు, దాని పక్కనే చేయగలిగినదీ పెట్టాడు. పని తెలిసినవాళ్ల తిరస్కారం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. అరిచి బయటికి వచ్చేయడం సినిమాల్లో బావుంటుంది. సొంతంగా చెబితే మేనేజరుకు మాట పడుతుంది, వ్యాపారిమీద ఒత్తిడి పెరుగుతుంది, స్టోరేజీ పేరు చెడుతుంది. ఇవన్నీ నిజమైన నష్టాలే. అతను వాటిని లేవనడు. దిద్దితే మాత్రం ఆ భారం అప్పుతో సంబంధమే లేని రైతు నెత్తిన పడుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. లెక్కల తారుమారు అని ఒక నేరం ఉంది. పాత శిక్షాస్మృతిలో 477ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 344. ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆ సెక్షను ఎవరి గురించి మొదలవుతుందో తెలుసా? గుమస్తా గానీ, అధికారి గానీ, నౌకరు గానీ అని. మొట్టమొదట గుమస్తానే. పద్దు మార్చడమే కాదు, రాయాల్సిన ముఖ్యమైన వివరం మోసగించే ఉద్దేశంతో వదిలేసినా అందులోకే వస్తుంది, దానికి తోడ్పడినా వస్తుంది. ఉద్దేశం ముఖ్యం కాబట్టి నిజమైన పొరపాటు నేరం కాదు. "మేనేజరు చెప్పాడు, చేశాను" అన్నది మాత్రం కాపాడదు. "మూడు రోజులకే" అన్నదీ కాపాడదు. ఈ సంగతులు గుమస్తా నోట పెట్టకండి. సెక్షన్లు వల్లించే గుమస్తాను నేను నమ్మను. అతనికి తెలిసింది ఇంతే, చేతిరాత తనది, పొడి సంతకం తనది.

ఇక కథల్లో తరచూ కనిపించే పొరపాటు ఒకటి చెప్పి ముగిస్తాను. గుమస్తా లెడ్జరు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోతాడు, సాక్ష్యం కాపాడటానికి. చదవడానికి వీరోచితంగా ఉంటుంది. నిజంలో అది అతని మెడకే చుట్టుకుంటుంది. పుస్తకం సంస్థది, అనుమతి లేకుండా తీసుకుపోతే దొంగతనం కేసు అతనిమీదే పెట్టొచ్చు. మర్నాడు పేజీ మారి కనిపిస్తే "రాత్రంతా ఇతని దగ్గరే ఉంది" అంటారు. తెలిసినవాడు పుస్తకాన్ని ఎప్పటిలాగే బీరువాలో పెట్టి, తాళం ఎప్పుడూ ఇచ్చేవాళ్లకే ఇస్తాడు. వెళ్లేముందు ఆ రోజు పద్దుల కింద ఖాళీ మిగలకుండా అడ్డంగా గీత గీసి, చివరి నిల్వ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాడు. "380, మూడు వందల ఎనభై మాత్రమే." అంకె దిద్దడం తేలిక, అక్షరాలు దిద్దడం కష్టం. చెక్కుమీద రెండు రకాలుగా రాయించేది అందుకే.

ఎవరో ప్రశ్న అడుగుతున్నారు. కొంచెం గట్టిగా అడగండమ్మా... సరే, అందరికీ వినిపించేలా నేనే చెబుతాను. "అతను కాదని వెళ్లిపోయాక, మేనేజరు అతని లాగిన్‌తోనే ట్యాలీలో మార్చేస్తే ఏంటి గతి?" అని అడుగుతున్నారు.

మంచి ప్రశ్న. నిజంగా జరిగేదీ అదే. చిన్న ఆఫీసుల్లో ఒకటే పాస్‌వర్డు, మానిటర్ కింద చీటీ అంటించి ఉంటుంది. అప్పుడు మార్పులన్నీ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉన్నా అందులో గుమస్తా పేరే పడుతుంది, అతను దిద్దనన్న పద్దు అతనే దిద్దినట్టు ఉంటుంది. కాబట్టి కాదన్న సాయంత్రమే అతను చేయాల్సిన పని పాస్‌వర్డు మార్చడం. అది కుదరని ఆఫీసు అయితే, అంటే అందరికీ ఒకటే లాగిన్ అయితే, 23 నుంచి 25వ తేదీ దాకా పద్దులున్న డేబుక్ ప్రింటు తీసి, తను వెళ్లే టైము రాసి, ఫైల్లో పెట్టి, హాజరు పట్టీలో అదే టైము వేసి వెళ్లాలి. తర్వాత వచ్చే మార్పు ఆ టైము దాటి ఉంటే అతనిది కాదని చూపించగలడు. ఇదీ పూర్తి రక్షణ కాదు. ప్రింటు ఫైల్లోంచి మాయం కావచ్చు. అందుకే మన కథలో వేబ్రిడ్జి చీటీ, డ్రైవరు దగ్గరి గేట్‌పాస్, మేస్త్రి నోటు పుస్తకం ముందే ఎక్కడో ఒకచోట కనిపించేలా రాసుకోండి. మొదటి పేజీలో మేస్త్రి కూలి డబ్బు తీసుకుంటూ పుస్తకంలో రాసుకోవడం మామూలుగా చూపించండి, ఎందుకో చెప్పకండి.

ఇంకోటి, ఉద్యోగం పోతుందా అని కూడా అడిగారు. వెంటనే తీసేయరండి. బ్యాంకు ఆయన వచ్చి వెళ్లిన వారంలో గుమస్తాను తీసేస్తే ఎందుకు తీశారని అడుగుతారు. ముందు అతన్ని స్టాకు నుంచి కాటా దగ్గరికి మారుస్తారు, లెడ్జరు కొత్త కుర్రాడికి ఇస్తారు. ఆ కుర్రాడు వచ్చి, "47లో లెటరు గడి ఖాళీగా ఉందేంటి బాబాయ్" అని వెంకటేశ్వర్లునే అడుగుతాడు. మీ రెండో కథ అక్కడ మొదలుపెట్టుకోవచ్చు.